పద్నాలుగున్నరని 14.5గా ఎక్కించేటప్పుడు ఎక్కడ తప్పు దొర్లుతుంది

విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత చుట్టుపక్కల సందుల్లో ఏ టైలరింగ్ షాపుకెళ్ళినా కౌంటర్ మీద కొలతల పుస్తకం ఒకటి కనిపిస్తుంది. పేరు, దాని పక్కన పిన్ను కొట్టిన జాకెట్ ముక్క, కింద వరసగా అంకెలు. ఆ పుస్తకాన్ని షీట్‌లోకి ఎక్కించాలి, పాత కస్టమర్ వస్తే పేరు కొట్టగానే కొలతలు రావాలి అనుకున్నప్పుడు పని సులువుగానే కనిపిస్తుంది, అంకెలేగా టైప్ చేసేస్తే అయిపోద్ది అనిపిస్తుంది. కానీ అలాంటి పుస్తకంలో ఒక వరస ఎలా ఉంటుందో చూడండి:

పొడవు 14½, ఛాతీ 34-1/2, నడుము 29.6, భుజం 14.1/2, చెయ్యి 6 3/4

ఒకే మనిషి కొలతలు, ఐదు అంకెలు, ఐదు రకాల రాతలు. షీట్‌లో ఇవి రావాల్సింది 14.5, 34.5, 29.75, 14.5, 6.75 అని. నడుము దగ్గర 29.6 కాస్తా 29.75 ఎలా అయిందా అని ఎవరైనా ఆగితే మంచిదే, అసలు చిక్కంతా అలాంటి చోటే ఉంది, దాని దగ్గరికి కాసేపట్లో వద్దాం.

ఇన్ని రాతలు ఎందుకొస్తాయంటే, టేపు పట్టేది మాస్టారు, రాసేది పక్కనున్న కుర్రాడు. ఆయన "ముప్పై నాలుగున్నర" అంటాడు, రాసేవాడు తనకి అలవాటైనట్టు రాస్తాడు, ఏడాదికో ఇద్దరు కుర్రాళ్ళు మారతారు, పుస్తకం మాత్రం అదే. మాస్టారికి ఏ ఇబ్బందీ ఉండదు, ఆయన ఆ అంకె చూడగానే టేపు మీద చోటు కనిపిస్తుంది కాబట్టి. ఇబ్బంది అంతా టేపు ఎప్పుడూ పట్టుకోని షీట్‌కి.

ముందు ఛాతీ సంగతి. 34-1/2లో ఆ గీత తీసివేత కాదు, "ముప్పై నాలుగు, ఆపైన అర" అని విడదీసి చూపించడానికి పెట్టిన గీత, అంతే. కానీ అలా టెక్స్ట్‌గా ఉన్నదాన్ని నంబర్‌గా మార్చడానికి చాలామంది చేసే మొదటి పని ముందు ఒక ఈక్వల్ గుర్తు తగిలించడం, లేదా ప్రోగ్రామ్‌లో ఆ టెక్స్ట్‌ని లెక్కలాగా రన్ చేసేయడం. =34-1/2 అంటే కంప్యూటర్ దృష్టిలో ముప్పై నాలుగులోంచి అర తీసేయమని, 33.5 వస్తుంది. అదే పద్ధతిలో భుజం =14.1/2 అంటే పద్నాలుగు పాయింట్ ఒకటిని రెండుతో భాగించమని, 7.05 వస్తుంది.

ఈ రెండు తప్పుల్లో 7.05 అంత ప్రమాదం కాదు, పెద్దవాళ్ళ భుజం ఏడు అంగుళాలు ఉండదు కాబట్టి కాలమ్ మీద కన్ను వేస్తేనే దొరికిపోతుంది. 33.5 మాత్రం దొరకదు, అది పూర్తిగా మామూలు ఛాతీ కొలత. కాలమ్‌లో కింద నుంచి పైకి ఎన్నిసార్లు చూసినా అది తప్పని అనిపించదు. కటింగ్‌కి వెళ్ళాక, జాకెట్‌కి ఛాతీని నాలుగు భాగాలు చేస్తారు కదా, 34.5కి ఒక్కో భాగం 8.625 రావాలి, 33.5కి 8.375 వస్తుంది, అంటే ఒక్కో ముక్కకి పావంగుళం తక్కువ, నాలుగు కలిపితే ఒక అంగుళం తక్కువ. జాకెట్‌కి అంగుళం అంటే హుక్కులు పట్టవు. లోపల కుట్టులో బట్ట వదిలి ఉంటే విప్పి మళ్ళీ కుట్టొచ్చు, వదలకపోతే ఆ బట్ట పోయినట్టే.

కనిష్ఠం ఇంత గరిష్ఠం ఇంత అని హద్దులు పెట్టి చెక్ చేయడం అందరికీ తెలిసిన పద్ధతి, అది 7.05ని పట్టుకుంటుంది కానీ 33.5ని పట్టుకోదు. పట్టుకోవాలంటే పుస్తకంలో ఎలా రాసి ఉందో అక్షరం మార్చకుండా ఒక కాలమ్‌లో ఉంచి, దాని పక్క కాలమ్‌లో డెసిమల్ పెట్టుకోవాలి, తర్వాత ఒక్కటే చూడాలి: డెసిమల్‌లో పాయింట్‌కి ముందున్న అంకె, రాతలో మొదట కనిపించే అంకె ఒకటేనా కాదా. రాతలో 34 ఉంది, డెసిమల్‌లో 33 ఉంది, దొరికిపోయింది. రాతలో 14 ఉంది, డెసిమల్‌లో 7 ఉంది, అదీ దొరికింది. ఉత్త అరలూ ముప్పావులూ, అంటే పూర్ణాంకం లేకుండా 3/4 అని మాత్రమే రాసినవి ఈ చెక్‌లోకి రావు, వాటిని విడిగా చూసుకోవాలి. మిగతా అన్నిటికీ ఈ ఒక్క చెక్ హద్దుల చెక్ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇక 14½. ఇందులో ½ అనేది ఒకే అక్షరం, ఫోన్ కీబోర్డులో 1 మీద నొక్కి పట్టుకుంటే వచ్చేది. చూడ్డానికి అన్నిటికంటే శుభ్రంగా ఉన్న రాత ఇదే, మరి దీంట్లో ఏం తప్పు పోతుంది అనిపిస్తుంది. డేటా శుభ్రం చేసేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది, వచ్చిన టెక్స్ట్ మొత్తాన్ని ముందుగా యూనికోడ్ నార్మలైజేషన్‌లో వేసేయడం, వింత అక్షరాలన్నీ మామూలు అక్షరాలైపోతాయని. NFKC అనే రకంలో వేస్తే ½ అక్షరం విడిపోయి 1, ఒక ప్రత్యేకమైన స్లాష్, 2 అవుతుంది. విడిపోవడం మంచిదే, కానీ ముందున్న 14కీ ఈ 1కీ మధ్య ఖాళీ ఏమీ రాదు. 14½ కాస్తా 141⁄2 అవుతుంది, ఆ తర్వాత స్టెప్‌లో ఎవరో ఆ ప్రత్యేక స్లాష్‌ని మామూలు స్లాష్‌గా మారుస్తారు, దాని తర్వాత స్టెప్‌లో 141ని రెండుతో భాగిస్తారు, జాకెట్ పొడవు 70.5 అంగుళాలు. పీడీఎఫ్‌లోంచి కాపీ చేసినప్పుడూ ఇదే జరుగుతుంది, అక్కడ పైన 1 కింద 2 చిన్నగా వేసిన భిన్నం పేస్ట్ చేసేసరికి పక్కనున్న అంకెకి అతుక్కుపోతుంది.

దీనికి మందు ఏంటంటే నార్మలైజేషన్ కంటే ముందే ½, ¼, ¾, ⅛ లాంటి అక్షరాలని వెతికి, ఒక్కోదాని ముందు ఒక స్పేస్ పెట్టి 1/2, 1/4 అని మార్చేయడం. ఈ వరస తారుమారైతే ఎంత మంచి కోడ్ రాసినా లాభం లేదు.

ఒకవేళ ఆల్రెడీ అతుక్కుపోయిన ఫైలే చేతికొస్తే కూడా చాలావరకు వెనక్కి తేవచ్చు, ఎందుకంటే టేపు మీద భిన్నాలకి ఒక పద్ధతి ఉంది. కింద అంకె 2, 4, 8, ఎప్పుడైనా 16, అంతే. పై అంకె కింద దానికంటే చిన్నది, పైగా బేసి సంఖ్య, 2/4 అని ఎవరూ రాయరు కాబట్టి. 343/4 అని ఉంటే కింద 4 కాబట్టి పైన ఉండేది ఒకే అంకె, చివరి 3 తీసి విడిగా పెడితే 34 3/4, ఇంకో అర్థానికి చోటే లేదు. పదహారో వంతుల దగ్గరే చిక్కు వస్తుంది, 115/16 అంటే 1 15/16 కావొచ్చు, 11 5/16 కావొచ్చు, అది మెడ లోతా చెయ్యి పొడవా అన్నది చూసి చెప్పాల్సిందే, ఆ అంకె ఒక్కదాన్నే చూసి ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఆ 29.6. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేసి ఒక్కో భాగాన్ని సూత్ అంటారు, మేస్త్రీలు కొందరు నూలు అంటారు, వడ్రంగం పనిలోనూ ఇదే మాట. నాలుగు సూత్‌లు అర, రెండు సూత్‌లు పావు, ఆరు సూత్‌లు ముప్పావు. కొంతమంది రాసేటప్పుడు అంగుళాలు రాసి ఒక చుక్క పెట్టి సూత్‌లు రాస్తారు, ఆ లెక్కన 29.6 అంటే ఇరవై తొమ్మిదీ ఆరు సూత్‌లు, ఇరవై తొమ్మిది ముప్పావు, 29.75. చుక్క ఇక్కడ దశాంశ బిందువు కాదు, అంగుళాలనీ సూత్‌లనీ వేరు చేసే గుర్తు మాత్రమే. కానీ షీట్‌కి ఆ సంగతి తెలీదు, పైగా ఇది మిగతా రాతల్లాగా ఎర్రర్ కూడా ఇవ్వదు, నంబర్‌గా హాయిగా కూర్చుంటుంది, పాయింట్ ముందు అంకె చూసే చెక్ కూడా పాస్ అయిపోతుంది.

ఒక్క సెల్ చూసి తేల్చలేని విషయం ఇది, కాలమ్ మొత్తం చూస్తే తేలుతుంది. ఒకే చేతిరాతలో ఉన్న పన్నెండు నడుము కొలతలు ఇలా ఉన్నాయనుకుందాం: 28.4, 30.2, 29.6, 31, 27.4, 33.2, 29.1, 30.5, 32.6, 28, 26.7, 31.3. చుక్క తర్వాత వచ్చినవి ఒకటి నుంచి ఏడు దాకా ఉన్నాయి, ఎనిమిదీ తొమ్మిదీ ఒక్కసారి కూడా రాలేదు, రెండంకెలూ ఎక్కడా లేవు. ఇవి దశాంశాలైతే .25లూ .75లూ కనిపించాలి, టేపు మీద పావులూ ముప్పావులే ఎక్కువ తగులుతాయి కాబట్టి. ఇంకో రకంగా చూస్తే, టేపు మీద ఎనిమిదో వంతు గీతలే ఉన్నప్పుడు ఏ సరైన డెసిమల్‌ని ఎనిమిదితో గుణించినా పూర్తి సంఖ్య రావాలి. 29.75ని ఎనిమిదితో గుణిస్తే 238. 29.6ని గుణిస్తే 236.8, అలాంటి గీత టేపు మీద లేదు. కాలమ్‌లో ఇలా కుదరనివి వరసగా తగిలాయంటే అది సూత్‌ల రాత అని ధైర్యంగా అనుకోవచ్చు.

ఈ పరీక్షకి కూడా లొంగనిది ఒకటుంది, 30.5. దశాంశంగా చూస్తే ముప్పైన్నర, ఎనిమిదితో గుణిస్తే 244, సరిపోయింది. సూత్‌లుగా చూస్తే ముప్పై, ఐదు సూత్‌లు, 30.625. రెండూ టేపు మీద ఉన్న గీతలే. అందుకే చుక్క ఉన్న అంకెలని ఒక్కోటిగా కాకుండా ఆ పేజీ, ఆ చేతిరాత మొత్తానికి ఒకే నిర్ణయం తీసుకుని మార్చాలి. పక్కవన్నీ సూత్‌లైతే ఇదీ సూత్‌లే. ఒకే కాలమ్‌లో 28.75 కూడా ఉండి 29.6 కూడా ఉంటే రాసిన చేతులు రెండని అర్థం, చేతిరాత చూసి వేరు చేసేదాకా ఆ కాలమ్‌ని ముట్టుకోకపోవడమే మంచిది.

సూత్‌ల తప్పు ఎంత పెద్దది అంటే, నిజం చెప్పాలంటే చిన్నదే. అన్నిటికంటే ఎక్కువ తేడా .7 దగ్గర, 0.7కీ 0.875కీ మధ్య 0.175, సూత్‌న్నర కంటే తక్కువ. నడుముకి అది తెలీను కూడా తెలీదు. ఇదే చుక్క హైట్ కాలమ్‌లో ఉంటే మాత్రం కథ వేరు. స్కూలు యూనిఫామ్‌లూ కాలేజీ బ్లేజర్‌లూ బల్క్‌గా కుట్టేచోట హైట్ కూడా అడుగుతారు, మన దగ్గర ఎవర్ని అడిగినా "ఫైవ్ పాయింట్ ఎయిట్" అనే చెప్తారు, ఐదడుగుల ఎనిమిది అంగుళాలు అని దానర్థం. ఐదడుగుల పదంగుళాలవాడు 5.10 అని రాస్తాడు, నంబర్ కాలమ్‌లో పడగానే చివరి సున్నా పోయి 5.1 అవుతుంది, ఇప్పుడు అతనూ ఐదడుగుల ఒక అంగుళం ఉన్నవాడూ షీట్‌లో ఒకటే. తొమ్మిది అంగుళాల తేడా. సూత్‌ల దగ్గర ఎలాగోలా వెనక్కి వెళ్ళొచ్చు కానీ ఇక్కడ సున్నా పోయాక వెనక్కి వెళ్ళే దారే లేదు, మళ్ళీ కాయితం వెతుక్కోవాల్సిందే. హైట్ కాలమ్‌ని టైపింగ్ మొదలుపెట్టక ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టాలి, తర్వాత అడుగులూ అంగుళాలూ రెండు కాలమ్‌లుగా విడగొట్టి మొత్తం అంగుళాల్లో మార్చుకోవాలి, 5.10 అంటే 70 అంగుళాలు.

టెక్స్ట్ ఫార్మాట్ ముందే పెట్టాలి అనడానికి ఇంకో కారణం తేదీలు. ఎక్సెల్‌లో మామూలు సెల్‌లో 1/2 అని కొడితే అర అనుకోదు, మన ఇండియా సెటింగ్స్‌లో ఫిబ్రవరి ఒకటి అనుకుంటుంది. 3/4 కొడితే ఏప్రిల్ మూడు. 14 1/2 అని మధ్యలో స్పేస్‌తో కొడితే మాత్రం సరిగ్గా 14.5గా తీసుకుంటుంది, ఉత్త అర కావాలంటే 0 1/2 అని కొట్టాలి. ఈ సంగతి తెలీక డార్ట్ వెడల్పు, పైపింగ్ లాంటి చిన్న కొలతల కాలమ్ మొత్తం తేదీలైపోయిన ఫైల్ చేతికొస్తే కంగారుపడి ఫార్మాట్‌ని నంబర్‌గా మారిస్తే ఇంకా భయంగా ఉంటుంది, 2024లో కొట్టిన 1/2 అక్కడ 45323 అని కనిపిస్తుంది, ఎక్సెల్ తేదీలని రోజుల లెక్కగా దాచుకుంటుంది కాబట్టి. అయినా సమాచారం ఎక్కడికీ పోలేదు, రోజూ నెలా లోపలే ఉన్నాయి. టేపు భిన్నం ఎప్పుడూ ఒకటి కంటే చిన్నదే కదా, చిన్న అంకెని పెద్ద అంకెతో భాగిస్తే సరి, కంప్యూటర్ రోజు ముందు తీసుకుందో నెల ముందు తీసుకుందో పట్టించుకోనక్కర్లేదు:

```
=MIN(DAY(A2),MONTH(A2))/MAX(DAY(A2),MONTH(A2))
```

సీఎస్‌వీ ఫైల్ విషయంలో కూడా జాగ్రత్త, ఫైల్‌లో 1/2 అని సరిగ్గానే ఉంటుంది, దాన్ని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచిన క్షణంలో తేదీ అయిపోద్ది, అలాగే సేవ్ చేస్తే తేదీగానే మిగిలిపోద్ది.

ఇన్ని రాతలకి ఒక చిన్న ఫంక్షన్ రాసుకుంటే ఇలా ఉంటుంది. దీంట్లో చూడాల్సింది అది ఏమేం చదువుతుందో కాదు, ఏమేం చదవను అంటుందో.

```python
import re
from fractions import Fraction

GLYPH = {"½": "1/2", "¼": "1/4", "¾": "3/4",
         "⅛": "1/8", "⅜": "3/8", "⅝": "5/8", "⅞": "7/8"}

def read_inch(raw):
    s = raw.replace("\u2044", "/")
    for g, t in GLYPH.items():
        s = s.replace(g, " " + t)
    s = s.strip()
    m = re.fullmatch(r"(?:(\d+)[\s.\-]+)?(\d+)\s*/\s*(2|4|8|16)", s)
    if m:
        n, d = int(m[2]), int(m[3])
        return int(m[1] or 0) + Fraction(n, d) if n < d else None
    return Fraction(int(s)) if re.fullmatch(r"\d+", s) else None
```

14½, 14 1/2, 14-1/2, 14.1/2 నాలుగూ దీంట్లోంచి పద్నాలుగున్నరగానే వస్తాయి, స్పేస్ అయినా చుక్క అయినా గీత అయినా వెనకాల స్లాష్ ఉంటే అది వేరు చేసే గుర్తు అని ఒక్కటే రూల్. 141/2 ఇస్తే పై అంకె కింద దానికంటే పెద్దది కాబట్టి None అంటుంది. 29.6 ఇచ్చినా, 30.5 ఇచ్చినా None అంటుంది, అవి దశాంశాలా సూత్‌లా అన్నది పేజీ చూసి చెప్పాల్సిన మాట కాబట్టి. ఇలాంటి ఫంక్షన్‌లకి ఏది ఇచ్చినా ఏదో ఒక జవాబు ఇచ్చేలా రాయాలని చాలామంది తాపత్రయపడతారు, కొలతల విషయంలో అది తప్పు. None వచ్చిన వరసలని ఒక పక్కన తీసిపెట్టి పుస్తకం తెరిచి చూసుకోవడం పని, 33.5 లాంటిది ఎక్కడుందో తెలీకుండా ఉండిపోవడం నష్టం.

మాటల్లో వచ్చే కొలతలు ఇంకో రకం. ఈ మధ్య కస్టమర్లు వాట్సాప్‌లో తెలుగులోనే పెడుతున్నారు, "చెయ్యి ఆరుంబావు", "పొడవు పద్నాలుగున్నర", "మెడ ఏడు ముప్పావు" అని. న్నర కనిపిస్తే అర కలపాలి, ముప్పావు కనిపిస్తే 0.75 కలపాలి, పావు, బావు కనిపిస్తే 0.25 కలపాలి. వెతికేటప్పుడు వరస ముఖ్యం, పావు కోసం ముందు వెతికితే ముప్పావులోని పావు కూడా దొరికి 7.25 అయిపోద్ది, అందుకని పొడుగు మాటలు ముందు, పొట్టి మాటలు తర్వాత. అసలు చూసుకోవాల్సింది "పావు తక్కువ పదిహేను". దీంట్లో పదిహేను ఉంది, పావు ఉంది, కలిపేస్తే 15.25, కానీ ఆ మాటకి అర్థం 14.75. సరిగ్గా అరంగుళం తేడా, అదీ చూడ్డానికి నమ్మదగినట్టుండే తేడా. తక్కువ అన్న మాట వాక్యంలో ఎక్కడున్నా ముందు దాన్నే చూడాలి, పాయింట్ ముందు అంకె మారకూడదు అన్న పై చెక్‌కి ఇదొక్కటే న్యాయమైన మినహాయింపు, రాతలో పదిహేను ఉన్నా డెసిమల్‌లో పద్నాలుగే రావాలి.

పాత తెలుగు లెక్కల పుస్తకాలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే వాటిలో భిన్నాలకి విడిగా గుర్తులే ఉండేవి, పావులూ పావులో పావులూ అంటే కాలు, వీసం లెక్కన నాలుగు నాలుగుగా చీల్చుకుంటూ పోయే పద్ధతి. ఆ గుర్తులు యూనికోడ్‌లో 2008లో చేరాయి. కానీ వాటికి యూనికోడ్ ఇచ్చిన విలువ ఉత్త 0, 1, 2, 3 మాత్రమే, కాలు గుర్తు ౹ని పైథాన్‌లో unicodedata.numericకి ఇస్తే 0.25 రాదు, 1.0 వస్తుంది, అది నాలుగో వంతా పదహారో వంతా అన్నది గుర్తు రకాన్ని బట్టి మనం చూసుకోవాలి.

డెసిమల్ వచ్చాక కాలమ్‌కి ఎన్ని దశాంశ స్థానాలు పెట్టాలి అన్నదాంట్లో రెండు చాలనుకుంటారు, డబ్బుల అలవాటు కొద్దీ. ఎనిమిదో వంతుకి మూడు కావాలి, 0.125. రెండే పెడితే ఎక్సెల్ ROUND దాన్ని 0.13 చేస్తుంది, పైథాన్ round(0.125, 2) మాత్రం 0.12 చేస్తుంది, ఒకే పుస్తకం రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటుంది. పైగా ఛాతీని నాలుగుతో భాగించే దగ్గర పదహారో వంతులు పుడతాయి, 34.75ని నాలుగుతో భాగిస్తే 8.6875, దానికి నాలుగు స్థానాలు కావాలి. ఎనిమిదితో గుణించి చూసే చెక్‌ని అందుకే టేపు పట్టి తీసిన కొలతలకే పెట్టాలి, లెక్క కట్టి తెచ్చిన కాలమ్‌లకి పెడితే సరైనవి కూడా తప్పుల్లాగా కనిపిస్తాయి.

అసలు కొలతని ఎనిమిదో వంతుల లెక్కలో పూర్తి సంఖ్యగా దాచుకోవడం ఇంకా నయం, 34½ అంటే 276. పాయింట్ లేదు, రౌండింగ్ లేదు, డెసిమల్ కావాలంటే ఎనిమిదితో భాగించుకోవచ్చు. కటింగ్ మాస్టారికి కాయితం ఇచ్చేటప్పుడు మాత్రం డెసిమల్ ఇవ్వకూడదు, ఆయన టేపు మీద 8.625 అన్న గీత లేదు, 8 5/8 ఉంది. ఎక్సెల్‌లో సెల్ ఫార్మాట్‌గా `# ?/8` పెడితే లోపల 8.625 ఉంటూనే పైకి 8 5/8 కనిపిస్తుంది, 8.5 కూడా 8 4/8 అని వస్తుంది, సూత్‌ల అలవాటు ఉన్నవాళ్ళకి అదే తేలిక.

ఇదంతా టేపు మంచిది కాబట్టి కుదిరింది, అరలో అర, దాంట్లో అర అని చీలుతూ పోయేవన్నీ డెసిమల్‌లో ఎక్కడో ఒకచోట ఆగుతాయి. వంటల దగ్గరికొచ్చేసరికి మూడో వంతులు వస్తాయి, అవి ఆగవు. గుంటూరులో పచ్చళ్ళు ఆర్డర్ మీద పట్టేవాళ్ళ కాయితం ఒకటి అనుకుందాం: కారం సోలన్నర, ఆవపిండి 1 1/4 కప్పు, ఉప్పు 1/3 కప్పు, వెల్లుల్లి 2-3 పాయలు, నూనె 1-1/2 కప్పు. సోలన్నర 1.5, గిద్దల్లో అయితే ఆరు, సోలకి నాలుగు గిద్దలు కాబట్టి అది టేపులాగే శుభ్రంగా చీలుతుంది. 1/3ని 0.33గా దాచుకుని ఆ పాళ్ళని అరవై రెట్లు చేస్తే 19.8 కప్పులు వస్తుంది, రావాల్సింది 20. వందకి ఒకటి తేడా, పచ్చడి చెడిపోయేంత కాదు, కానీ ఇదే షీట్‌లో అరవై రెట్లు చేసినదాన్ని మళ్ళీ ఇరవై రెట్లకి తగ్గించడం, దాన్ని మళ్ళీ పెంచడం జరుగుతూ ఉంటే ఏ అంకె అసలుదో ఎవరికీ తెలీదు. మూడో వంతులు ఉన్న కాలమ్‌కి పై అంకె ఒక కాలమ్, కింద అంకె ఒక కాలమ్ పెట్టి, గుణించడం అయ్యాకే చివర్లో డెసిమల్ చేయాలి. 1ని 60తో గుణించి 3తో భాగిస్తే 20, కచ్చితంగా.

ఈ కాయితంలో గీత రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ అర్థం వేరు. 1-1/2 కప్పు అంటే ఒకటిన్నర. 2-3 పాయలు అంటే రెండో మూడో, అది ఒక అంకె కాదు, ఒక హద్దు నుంచి ఇంకో హద్దు దాకా. తేడా చెప్పేది గీత తర్వాత వచ్చేదే: భిన్నం వస్తే, అదీ ఒకటికంటే చిన్న భిన్నమైతే, కలపాలి, పూర్ణాంకం వస్తే కనిష్ఠం గరిష్ఠం అని రెండు కాలమ్‌లు కావాలి. సగటు 2.5 అని ఒక కాలమ్‌లో పెట్టేస్తే పనైపోయినట్టుంటుంది కానీ రాసినామె రెండున్నర పాయలు వేయమని చెప్పలేదు. గీతకి రెండు పక్కలా భిన్నాలే ఉంటే, 1/2-3/4 కప్పు అని, అది అర నుంచి ముప్పావు దాకా. పై ఫంక్షన్ దాన్ని చదవదు, 2-3నీ చదవదు, రెండిటికీ None ఇచ్చి పక్కన పెడుతుంది, ఆ రెండు వరసలూ కాయితం ముందు పెట్టుకుని చేత్తో ఎక్కించుకోవాలి.